డాలర్ కదిలిందని ధర మార్చాలా? విదేశీ అమ్మకాల ధరలపై అపోహలు - వాస్తవాలు

వరంగల్ కొత్తవాడ దర్రీలు, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ వస్తువులు ఆన్‌లైన్‌లో విదేశాలకు అమ్మే కొన్ని షాపుల ధరల పట్టికలు నేను చూస్తుంటాను. వరంగల్ దర్రీకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరుకు సంగతి నేత కార్మికులకే వదిలేద్దాం. నా పని దానికి డాలర్లలో, దిర్హమ్‌లలో, యెన్‌లలో ఎంత రాయాలన్నది. ఈ పనిలో నాకు ఎక్కువగా ఎదురయ్యే అపోహలు ఇవి. కింద వాడిన మారకం రేట్లు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవే, ఇవాళ్టివి కావు.

అపోహ: గూగుల్‌లో కనిపించే రేటుతో రూపాయల ధరను భాగిస్తే డాలర్ ధర వచ్చేస్తుంది.

ఆ రేటు మన చేతికి రాదు. పేమెంట్ గేట్‌వే కమీషన్ కోసుకుంటుంది, డాలర్లను రూపాయల్లోకి మార్చేటప్పుడు బ్యాంకు మరికొంత తీసుకుంటుంది. ఎంత పోతోందో ఎవరినీ అడగనక్కర్లేదు. ఖాతాలో పడిన పాత చెల్లింపులు కొన్ని తీసి, పడిన రూపాయలను కస్టమర్ కట్టిన డాలర్లతో భాగించండి. 79 డాలర్లకు 6,510 రూపాయలు పడితే డాలర్‌కు 82.40 వచ్చినట్టు. ఆ రోజు రిఫరెన్స్ రేటు, అంటే ఆ రోజుకు ప్రకటించిన మారకం రేటు, 85 అయితే మూడు శాతం దారిలోనే పోయింది. అందుకే ఈ పోస్టులో ప్రతి లెక్కలోనూ రేటును 0.97తో గుణించి వాడతాను. మీ గేట్‌వేకు ఆ అంకె వేరుగా ఉండొచ్చు, మీ స్టేట్‌మెంట్ చూసి వేసుకోండి.

రిఫరెన్స్ రేటు కోసం నేను ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా అనే సంస్థ, అంటే ఎఫ్‌బీఐఎల్, ఇచ్చే రేటు చూస్తాను. బ్యాంకు పనిదినాల్లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో ఇస్తారు. శని, ఆదివారాల్లో కొత్త రేటు ఉండదు, శుక్రవారం రేటే నడుస్తుంది. రోజుకొక్క రేటు చాలు. నిమిష నిమిషానికీ మారే రేటు పెట్టుకుంటే ఏ ధర ఎందుకు మారిందో తర్వాత మనకే అర్థం కాదు.

అపోహ: రోజూ లెక్కగట్టి రౌండ్ చేస్తే ధర ఎప్పుడూ సరిగ్గా ఉంటుంది.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి ఒక దర్రీ తీసుకుని నింపాదిగా చూద్దాం.

నాలుగు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు దర్రీ. రవాణా ఖర్చు విడిగా తీసుకుంటాం. దర్రీ మీద కనీసం 6,400 రూపాయలు చేతికి రావాలి. డాలర్ 85 ఉంటే మనకు దక్కేది 82.45. 6,400ను దానితో భాగిస్తే 77.62 డాలర్లు. 77.62 అని ఎవరూ బోర్డు మీద రాయరు. ఈ ధరల శ్రేణిలో 4తోనూ 9తోనూ ముగిసే ధరలు పెట్టుకున్నామనుకోండి: 69, 74, 79, 84. పై మెట్టుకు వెళ్తే 79. దానికి చేతికొచ్చేది సుమారు 6,513 రూపాయలు. బాగానే ఉంది.

ఇప్పుడు డాలర్ మెల్లగా దిగి 83.55కు వచ్చింది. మళ్లీ లెక్కగడితే 78.97 వస్తుంది, పై మెట్టు 79, ధర మారలేదు. మర్నాడు 83.48. లెక్కలో 79.04 వచ్చింది. 79 దాటింది కదా, పై మెట్టు 84! డాలర్ కదిలింది ఏడు పైసలు, దర్రీ ధర కదిలింది అయిదు డాలర్లు. ఆ మర్నాడు రేటు మళ్లీ 83.55కు వెళ్తే ధర 79కి దిగుతుంది. నిన్న 79 చూసి, ఇంట్లో అడిగి కొందామనుకున్న డల్లాస్ కస్టమర్‌కు ఇవాళ 84 కనిపిస్తుంది. రేపు మళ్లీ 79. మనల్ని నమ్మమంటే ఎట్ల నమ్ముతుంది ఆమె?

రౌండ్ చేసిన ధరకు మెట్లుంటాయి. రేటు ఒక మెట్టు అంచున ఊగులాడుతున్నంతసేపూ ధర ఎగిరి దూకుతూనే ఉంటుంది. రోజుకోసారి కాకుండా వారానికోసారి చేస్తే దూకుళ్లు తగ్గుతాయి తప్ప జబ్బు పోదు. మందు ఏమిటంటే, ఎక్కడానికి ఒక గీత, దిగడానికి ఇంకో గీత పెట్టి, రెండింటి మధ్య ఖాళీ వదలడం.

```
net  = price * rate * 0.97
up   : net < floor * 0.98
down : lower_price * rate * 0.97 >= floor * 1.02
```

ఇక్కడ `floor` మన 6,400. మొదటి నియమం ప్రకారం, ఇప్పుడున్న ధరకు చేతికొచ్చేది 6,400 కన్నా రెండు శాతం పైగా తగ్గితేనే, అంటే 6,272 కన్నా కిందికి పోతేనే ధర పెంచాలి. 79 డాలర్ల ధరకు అలా జరగాలంటే డాలర్ 81.85 కన్నా దిగాలి. 83.48 దగ్గర చేతికొచ్చేది సుమారు 6,397. మూడు రూపాయలు తక్కువ, అంతే. దానికోసం పట్టికను ముట్టుకోం.

డాలర్ నిజంగానే 81.80కి పడిందనుకోండి. అప్పుడు 80.66 డాలర్లు కావాలి, పై మెట్టు 84. ధర మార్చాం. ఇక రెండో నియమం: మళ్లీ 79కి ఎప్పుడు దిగాలి? ఆ 79కి 6,400 మీద ఇంకో రెండు శాతం అదనంగా, అంటే 6,528 వచ్చేటప్పుడు. అలా రావాలంటే డాలర్ 85.19కి చేరాలి. ఎక్కేది 81.85 దగ్గర, దిగేది 85.19 దగ్గర. మధ్యలో మూడు రూపాయల పైచిలుకు జాగా ఉంది. ఆ జాగాలో డాలర్ ఎన్ని గంతులేసినా ధర కదలదు.

డాలర్ పెరిగిన రోజు షాపు యజమాని ఫోన్ ఖాయం: "అన్నా, డాలర్ పెరిగింది కదా, ధర తగ్గియ్యాల్నా?" తొందరపడనక్కర్లేదు. 79 నుంచి 74కి దిగాలంటే ఇదే నియమం ప్రకారం డాలర్ సుమారు 91 దాటాలి. అంతవరకు మిగిలే నాలుగు రూపాయలు డాలర్ పడిన నెలల్లో అక్కరకొస్తాయి.

రెండు శాతమే ఎందుకు అంటే, అది మీ లాభం భరించగలిగే నష్టం. దర్రీ మీద మిగిలేది పది, పన్నెండు శాతం ఉంటే రెండు పోయినా బండి నడుస్తుంది. మిగిలేదే నాలుగు శాతమైతే కింది గీతను అర శాతానికి తెచ్చుకోండి. ఖాళీ సరిపోతోందా లేదా అన్నది ధరల చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఒకే వస్తువు నెల తిరక్కుండా 79, 84, 79 అయిందంటే మీ ఖాళీ చాలదు, లేదా మెట్టు మరీ పెద్దది.

అపోహ: అన్నింటికీ ఒకే రౌండింగ్ పెట్టుకుంటే సులువు.

చేతికి 420 రూపాయలు రావాల్సిన చిన్న మ్యాట్‌కు అదే 4, 9 మెట్లు పెట్టి చూడండి. లెక్కకు వచ్చేది 5.09 డాలర్లు, పై మెట్టు 9. కస్టమర్ మీద డెబ్బై అయిదు శాతం పైగా భారం పడ్డట్టు. మెట్టు ఎత్తు ధరను బట్టి ఉండాలి. ఇరవై డాలర్ల లోపు వస్తువులకు అర డాలర్ మెట్లు (మన మ్యాట్ 5.50 అవుతుంది), వంద లోపు అయిదు డాలర్లవి, ఆ పైన పది డాలర్లవి నాకు సరిపోతున్నాయి.

అపోహ: డాలర్ ధర ఖాయమైతే మిగతా కరెన్సీలు దాన్నుంచే వస్తాయి.

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి దిర్హమ్ ధర మనకు తప్పదు. యూఏఈ దిర్హమ్ డాలర్‌కు 3.6725 దగ్గర కట్టేసి ఉంటుంది, అందుకే చాలామంది 79ని 3.6725తో గుణించి 290.13 తెస్తారు. 9తో ముగిసే పై మెట్టు 299. కానీ అప్పటికే ఒకసారి పైకి రౌండ్ చేసిన ధరను మళ్లీ పైకి రౌండ్ చేశారు. 6,400 రూపాయల నుంచి నేరుగా లెక్కగడితే 285 దిర్హమ్‌లు, పై మెట్టు 289. పది దిర్హమ్‌లు ఊరికే మీద పడ్డాయి. ఏ కరెన్సీ అయినా రూపాయల నుంచే మొదలుపెట్టండి. పాత డాలర్ ధర నుంచి కొత్త డాలర్ ధర తేవడం కూడా ఇలాంటిదే, ప్రతి మార్పుకూ కొంచెం కొంచెం పైకి పాకుతుంది.

యెన్ దగ్గర ఇంకో గుంట ఉంది. ఎఫ్‌బీఐఎల్ యెన్ రేటు వంద యెన్‌లకు ఇస్తారు. అక్కడ 57 అని ఉంటే ఒక యెన్ 57 పైసలు. దర్రీ ధర 11,575 యెన్‌లు, జపాన్ అలవాటు ప్రకారం 11,800 అని రాస్తే చూడముచ్చటగా ఉంటుంది. వందతో భాగించడం మరచిన షీట్‌లో అదే దర్రీ 118 యెన్‌లు అవుతుంది, అంటే 67 రూపాయలు! అందుకే కొత్త ధర పాతదానికి పది శాతం కన్నా ఎక్కువ తేడాగా వస్తే సైట్‌లోకి వెళ్లకుండా ఆగిపోవాలి, మనిషి చూసి ఒప్పుకుంటేనే కదలాలి.

ఇక దశాంశాలు. డాలర్‌కు రెండు, యెన్‌కు అసలు లేవు, కువైట్ దినార్‌కు మూడు. పైసల లెక్కన మొత్తం అడిగే గేట్‌వేలకు 79 డాలర్లు `7900`గా వెళ్తుంది. 11,800 యెన్‌లు `11800`గానే వెళ్లాలి. 24.500 దినార్లు `24500` కావాలి. అన్నింటినీ వందతో గుణించే కోడ్ ఉంటే జపాన్ కస్టమర్ కార్డు మీద 11,80,000 యెన్‌లు పడతాయి.

అపోహ: సైట్‌లో ధర మార్చితే పని అయిపోయినట్టే.

ధర ఇంకా రెండు చోట్ల కూర్చుని ఉంటుంది. ఒకటి గూగుల్ మర్చంట్ సెంటర్‌కు పంపే ఫీడ్. అందులో 79, పేజీలో 84 ఉంటే ఆ వస్తువును తిరస్కరిస్తారు. కాబట్టి పేజీ, ఫీడ్ ఒకే విడతలో మారాలి. రెండోది కార్టు. 79 చూసి బుట్టలో వేసుకున్న మనిషికి కట్టే పేజీలో 84 చూపించకండి. కార్టులో పెట్టిన ధరను ఒక రోజు అలాగే ఉంచితే, మహా అయితే దర్రీకి నాలుగు వందలు తగ్గుతాయి.

రీఫండ్ సంగతి కూడా ఇక్కడే. 79 డాలర్లు కట్టిన వారికి 79 డాలర్లే వెనక్కి వెళ్లాలి, ఆ మధ్య రేటు మారిన తేడా మనది. అందుకే ప్రతి ఆర్డర్‌లో కరెన్సీ, కట్టిన మొత్తం, ఆ రోజు వాడిన రేటు మూడూ రాసి పెట్టాలి. రూపాయల మొత్తం ఒక్కటే దాచుకున్న షాపుల్లో, వాపసు రోజున ఇవాళ్టి రేటుతో భాగించి 77.40 పంపుతారు, ఆ ఒకటిన్నర డాలర్ కోసం కస్టమర్ కార్డు కంపెనీకి ఫిర్యాదు పెడుతుంది.