కంటింజెన్సీ ప్లాన్, ఫాల్‌బ్యాక్ ప్లాన్, రిస్క్ ట్రాన్స్‌ఫర్: ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పరీక్షలో తికమక పెట్టే అపోహలు - వాస్తవాలు

మూడు అపోహలకూ ఒకే ఉదాహరణ తీసుకుందాం. కొత్త భవనానికి ఒక పెద్ద జనరేటర్ ఓడలో రావాలి, అది ఆలస్యమయ్యే రిస్క్ ఉందని ప్రాజెక్ట్ రిస్క్ రిజిస్టర్‌లో రాసుకున్నాం.

అపోహ: కంటింజెన్సీ ప్లాన్ ముందే రాసుకుంటాం, ఫాల్‌బ్యాక్ అప్పటికప్పుడు ఆలోచిస్తాం.

వాస్తవం: రెండూ ముందే రాసుకునేవే. అప్పటికప్పుడు చేసేది వర్క్‌అరౌండ్, దాన్ని ఈ రెండింటితో కలపకండి. భవనం ప్రారంభానికి 40 రోజుల ముందు కూడా ఓడ ఎక్కినట్టు పత్రం చేతికి రాలేదనుకోండి, అదే ట్రిగ్గర్. వెంటనే జనరేటర్ అద్దెకు తెస్తాం, ఇది కంటింజెన్సీ ప్లాన్. తెచ్చినది లోడ్ టెస్ట్‌లో నిలబడలేదు, అప్పుడు కింది అంతస్తులు మాత్రమే తెరుస్తామని ముందే ఒప్పుకుని ఉంటే అది ఫాల్‌బ్యాక్. కాబట్టి ప్రశ్నలో వెతకాల్సింది ఒక్కటే: ఇప్పుడు జరిగింది అసలు రిస్కా, లేక దానికి మనం వేసిన మందు పనిచేయకపోవడమా? "అమలు చేసిన స్పందన ఫలితం ఇవ్వలేదు" అనే అర్థం కనిపిస్తే జవాబు ఫాల్‌బ్యాక్.

అపోహ: ఇన్సూరెన్స్ తీసుకున్నాం కాబట్టి రిస్క్ పోయింది.

వాస్తవం: పోలేదు. ప్రీమియం కట్టి డబ్బు నష్టాన్ని ఇంకొకరి మీద పెట్టాం, అంతే, దీన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు. జనరేటర్ సముద్రపు నీటిలో తడిస్తే బీమా సంస్థ డబ్బిస్తుంది, కానీ మామూలు సరుకు బీమాలో ఆలస్యం వల్ల వచ్చే నష్టానికి కవర్ ఉండదు. అంటే మనం రాసుకున్న రిస్క్‌కి ఆ పాలసీ అసలు జవాబే కాదు! క్లెయిమ్‌లో మన వాటాగా ఉండే డిడక్టిబుల్ మొత్తం కూడా మన జేబులోంచే పోతుంది, పరీక్ష భాషలో అది రెసిడ్యువల్ రిస్క్, అంటే స్పందన తర్వాత కూడా మిగిలేది.

అపోహ: ట్రాన్స్‌ఫర్ అంటే ఇన్సూరెన్సే.

వాస్తవం: ఆలస్యాన్ని సరఫరాదారు మీద పెట్టేది కాంట్రాక్ట్ క్లాజు. వారానికి కాంట్రాక్ట్ విలువలో 0.5 శాతం లిక్విడేటెడ్ డ్యామేజెస్, అంటే ఆలస్యానికి ముందే ఒప్పుకున్న పరిహారం, గరిష్ఠంగా 10 శాతం అని రాశామనుకోండి. 20 వారాలకు పరిమితి నిండిపోతుంది, ఆ తర్వాతి నష్టం మనదే. ఎవరి చేతిలోనూ లేని విపత్తులకు బాధ్యత మినహాయించే ఫోర్స్ మజ్యూర్ క్లాజు ఉంటే తుఫాను వల్ల ఓడ ఆగినప్పుడు సాధారణంగా ఆ డ్యామేజెస్ రావు, సంతకానికి ముందు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. సరఫరాదారే దివాలా తీస్తే? ఆ రిస్క్ మన ట్రాన్స్‌ఫర్ వల్లే పుట్టింది కాబట్టి సెకండరీ రిస్క్, దానికి పర్ఫార్మెన్స్ బాండ్, అంటే సరఫరాదారు మాట తప్పితే డబ్బిస్తామని బ్యాంకో బీమా సంస్థో ఇచ్చే హామీ, అడగాలి. ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్ట్ కూడా ట్రాన్స్‌ఫరే, ఎందుకంటే ఖర్చు పెరిగితే అమ్మేవాడు భరిస్తాడు. అయిన ఖర్చుకు ఫీజు కలిపి చెల్లించే కాస్ట్ ప్లస్‌లో ఆ భారం కొనేవాడిదే, ఆప్షన్లలో ఈ రెండింటినీ పక్కపక్కనే ఇచ్చి తరచూ తిప్పి అడుగుతారు.