రష్యన్‌లో భోజనానికి రాలేనని చెప్పడం: అపోహలు – వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో రష్యన్ నేర్పుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మెడిసిన్ చదవడానికి రష్యా వెళ్లబోయే పిల్లలే. క్రియలు, విభక్తులు కష్టపడి నేర్చుకుని వెళ్తారు. ఆరు నెలలు తిరిగేసరికి వాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న వ్యాకరణం గురించి కాదు. "మేడం, పక్కింటావిడ భోజనానికి పిలిచారు, వెళ్లడం కుదరదు, ఏమని చెప్పాలి?" అని అడుగుతారు. ఈ విషయంలో నేనూ ఒకసారి తప్పు చేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: "చూస్తానండి, వీలైతే వస్తాను" అంటే ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది.

మన దగ్గర అర్థమవుతుంది. "తప్పకుండా ప్రయత్నిస్తానండి" అనగానే పిలిచినవాళ్లు మనసులో మన పేరు కొట్టేసుకుంటారు, ఎవరికీ నొప్పి తగలదు. నేను అక్కడ చదువుకుంటున్న రోజుల్లో, మా అంతస్తులోనే ఉండే పెద్దావిడ తన పుట్టినరోజుకి పిలిచారు. శనివారం సాయంత్రం ఆరింటికి రమ్మన్నారు. నాకు సోమవారం పరీక్ష. రానంటే బాధపడతారని "స్పసీబ, పస్తరాయుస్" అన్నాను. ధన్యవాదాలు, ప్రయత్నిస్తాను అని అర్థం. నా దృష్టిలో అది మర్యాదగా చెప్పిన 'రాను'.

శనివారం ఆరున్నరకు తలుపు తట్టారు. అందరూ బల్ల దగ్గర కూర్చుని నా కోసం చూస్తున్నారట. నాకు కుర్చీ వేశారు, పళ్లెం పెట్టారు, నేను మాంసం తిననని సలాడ్ విడిగా కలిపారు. 'పస్తరాయుస్' అంటే రష్యన్ చెవికి 'రావాలనే ఉంది, ఏదైనా అడ్డొస్తే తప్ప వస్తాను' అని వినిపిస్తుంది. ఆవిడ దాన్ని అలాగే తీసుకున్నారు.

వాస్తవం ఏమిటంటే, రష్యన్ ఇంట్లో విందుకి బల్లను ముందే సిద్ధం చేస్తారు. ఎంతమంది వస్తారో లెక్కపెట్టి పళ్లేలు, కుర్చీలు అమరుస్తారు. సలాడ్లు చాలావరకు ముందు రోజే తయారవుతాయి. రాలేమని రెండు రోజుల ముందే చెబితే ఆ ఇంటివాళ్లు నొచ్చుకోరు. ఖాళీ కుర్చీ మాత్రం నొప్పిస్తుంది. 'పస్తరాయుస్', 'పస్మోత్రిమ్' (చూద్దాం) అనే మాటలు నిజంగా తేల్చుకోనప్పుడే వాడాలి. అప్పుడు కూడా ఎప్పటికల్లా చెబుతారో ఆ రోజు పేరు చెప్పాలి.

అపోహ: రష్యన్లు ముక్కుసూటి మనుషులు, కాబట్టి 'న్యెత్' అనేస్తే చాలు.

పై తప్పు చేసి దెబ్బతిన్నవాళ్లు ఎక్కువగా ఇటువైపు దూకుతారు. రష్యన్లకు కావలసింది వస్తారో రారో తేలడం. అది తేల్చే మాట మెత్తగా ఉండకూడదని వాళ్లెవరూ అనరు.

ఇక్కడ మన తెలుగు బాగా పనికొస్తుంది. పిలిచిన మనిషితో మనం 'రాను' అంటామా? 'కుదరదండీ' అంటాం. 'రాను'లో నా ఇష్టం ఉంది, 'కుదరదు'లో ఆ నేరం పరిస్థితి మీదికి పోతుంది. రష్యన్‌లోనూ అచ్చంగా ఇదే తేడా ఉంది. 'నె ప్రిదూ' అంటే రాను. 'నె ఖచూ' అంటే నాకిష్టం లేదు, ఇది ఆహ్వానానికి జవాబుగా అస్సలు పనికిరాదు. 'నె పలూచిత్స' అంటే కుదరదు. ఇందులో కర్త ఉండదు, కాబట్టి ఎవరూ ఎవరినీ కాదన్నట్టు ఉండదు.

'నె మగూ', 'నె స్మగూ' అనే రెండింటి మధ్య తేడా మావాళ్లకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది. రెండింటికీ పాఠ్యపుస్తకంలో 'చేయలేను' అనే అర్థమే ఉంటుంది. కానీ 'నె మగూ' అసంపూర్ణ క్రియ. ఊరికే 'నె మగూ' అని ఆగిపోతే మాట తెగ్గొట్టినట్టుంటుంది, 'ఎందుకు?' అనే ప్రశ్న వెంటనే వస్తుంది. 'నె స్మగూ' సంపూర్ణ క్రియ, భవిష్యత్తు. అంటే 'ఆ రోజు, ఆ ఒక్కసారికి రాలేను' అని. మరోసారి పిలవడానికి తలుపు తెరిచే ఉంటుంది. ఆహ్వానం కాదనేటప్పుడు 'నె స్మగూ' అలవాటు చేసుకోండి. దాని ముందు 'క్ సజలేనియు' (దురదృష్టవశాత్తు) చేర్చండి. 'నికాక్ నె స్మగూ' అంటే 'ఏ విధంగానూ వీలుకాదు' అని. 'నికాక్' చేర్చడం కటువేమీ కాదు, దారులన్నీ వెతికి చూశానని చెప్పే మాట అది.

అపోహ: 'స్ ఉదవోల్స్త్వియెమ్' అని మొదలుపెడితే తిరస్కారం తియ్యగా ఉంటుంది.

దీనివల్ల నా విద్యార్థులు ఇద్దరు ముగ్గురు ఒప్పుకోని విందులకు ఒప్పుకున్నట్టయింది. 'స్ ఉదవోల్స్త్వియెమ్' అంటే 'సంతోషంగా!'. ఆహ్వానానికి అది పూర్తి అంగీకారం. ఎదుటివాళ్లు ఆ ఒక్క మాట విని 'సరే, ఆరింటికి' అని ఫోన్ పెట్టేస్తారు, మీరు చెప్పబోయిన 'కానీ' గొంతులోనే ఉండిపోతుంది. తిరస్కారం కావాలంటే 'బి' అనే చిన్న ముక్క ఉండాలి: 'యా బి స్ ఉదవోల్స్త్వియెమ్, నో...'. 'సంతోషంగా వచ్చేదాన్నే, కానీ...' అని అర్థం. మన 'వచ్చేదాన్నే'లో ఎలాగైతే రాననేది ముందే తెలిసిపోతుందో, 'బి' వినగానే రష్యన్‌కి అలాగే తెలిసిపోతుంది.

అపోహ: కారణాలు ఎన్ని చెబితే అంత నమ్ముతారు.

కారణం ఒక్కటే చెప్పండి, చిన్నదైనా నిజమైనది చెప్పండి. ఎందుకంటే రష్యన్ ఇల్లాలు మొదటిసారి కాదనగానే ఒప్పుకోరు. 'ఖోత్ న పల్చాసిక' అంటారు, కనీసం అరగంటైనా రమ్మని. మన ఇళ్లలో 'ఒక్క ముద్ద' అన్నట్టే, అది ప్రేమతో చేసే ఒత్తిడి. అప్పుడు మీరు కంగారుపడి రెండో కారణం చెబితే ఆవిడ దాన్ని పరిష్కరించడం మొదలుపెడతారు. పరీక్ష అంటే 'పుస్తకం తెచ్చుకో', దూరం అంటే 'మా అబ్బాయి దింపుతాడు', ఒంట్లో బాగాలేదంటే కోరిందపండ్ల జామ్‌తో టీ పట్టుకుని మీ గుమ్మంలోకే రావచ్చు. ఒంట్లో బాగుండి కూడా జబ్బు సాకు చెప్పడం అందుకే అన్నిటికన్నా చెడ్డది. ఆవిడ ఆ జామ్ సీసాతో నిలబడినప్పుడు మీ మొహం ఎలా పెట్టుకుంటారు? మూడో కారణానికి వచ్చేసరికి ఇదంతా 'అత్గవోర్క', అంటే సాకు, అని ఆవిడకు అర్థమైపోతుంది. నొప్పి అక్కడ మొదలవుతుంది.

బతిమాలినప్పుడు కొత్త కారణం వెతకకుండా, మొదటి మాటే మెత్తగా మళ్లీ చెప్పండి: 'మ్నే సమోయ్ ఓచిన్ జాల్, నో నికాక్ నె పలూచిత్స'. నాకే చాలా బాధగా ఉంది, కానీ ఎలాగూ కుదరడం లేదు అని. మగవాళ్లైతే 'సమోయ్' బదులు 'సమమూ' అనాలి.

నిజంగా నొచ్చుకున్నారో లేదో జవాబులోనే తెలుస్తుంది. 'ఓయ్, కాక్ జాల్! ను నిచివో, వ్ ద్రుగోయ్ రాస్' (అయ్యో, పోనీలే, ఇంకోసారి) అంటే అంతా బాగానే ఉంది. 'అబిజాయెత్యె!' (నన్ను బాధపెడుతున్నారు) అని నవ్వుతూ అంటే అది ఇంకా బతిమాలడమే. భయపడాల్సింది చప్పగా వచ్చే 'ను, కక్ ఖతీత్యె' (సరే, మీ ఇష్టం), 'ద్యేల వాషె' (అది మీ సంగతి) అనే మాటలకు. అవి విన్న రోజు ఊరుకోకండి. మీరే మళ్లీ వెళ్లి కలిసి మాట్లాడండి.

అపోహ: డిన్నర్ అంటే 'అబ్యేద్'.

ఇది చిన్నదే. ఇంగ్లీషు ద్వారా రష్యన్ నేర్చుకున్నవాళ్లకు వచ్చే తంటా. 'అబ్యేద్' మధ్యాహ్న భోజనం, 'ఊజిన్' రాత్రి భోజనం. 'అబ్యేద్‌కి రాలేను' అంటే 'అయితే సాయంత్రం రా' అంటారు. రోజు, వేళ పేరుతో కాదనడమే క్షేమం. ఇంకొకటి, రోజూ వేళా లేకుండా 'జఖదీత్యె కాక్-నిబుద్' (ఎప్పుడైనా రండి) అంటే దానికి తిరస్కారమే అక్కర్లేదు. 'స్పసీబ' అని నవ్వితే చాలు. అసలైన పిలుపులో వారం, గంట ఉంటాయి.

అపోహ: శాకాహారులు, మందు తాగనివాళ్లు వెళ్లకపోవడమే మేలు.

మావాళ్లు చాలామంది ఆహ్వానాలు వదులుకునేది ఈ కారణంతోనే, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేదీ ఇదే. మనిషిని కాదనకుండా వంటకాన్ని కాదనవచ్చు. పిలిచినప్పుడే చెప్పండి: 'యా నె యెమ్ ని మ్యాస, ని కూరిత్సు, ని రీబు'. మాంసం ఒక్కటే అంటే చాలదు. కోడి, చేప 'మ్యాస' కిందికి రావనుకుని వడ్డించే ఇళ్లు ఉన్నాయి, అందుకే వాటి పేర్లు విడిగా చెప్పాలి. తాగనివాళ్లు 'యా నె ప్యూ' అనండి. టోస్ట్ చెప్పేటప్పుడు పళ్లరసం గ్లాసు పైకెత్తితే సరిపోతుంది.

ఇప్పుడు నా శనివారం సంగతికి వస్తాను. ఆ తర్వాతి ఏడాది అదే ఆవిడ మళ్లీ పుట్టినరోజుకి పిలిచారు, మళ్లీ పరీక్షే అడ్డొచ్చింది. పిలిచిన రోజే, ఆవిడ పేరూ తండ్రి పేరూ కలిపి సంబోధించి (ఇవాన్ కూతురైతే ఇవానొవ్నా అన్నట్టు) 'మీరు' వాడి ఇలా చెప్పాను:

"స్పసీబ వామ్ బల్షోయె జ ప్రిగ్లషేనియె! యా బి స్ ఉదవోల్స్త్వియెమ్, నో ఫ్ పనిద్యేల్నిక్ ఉ మిన్యా జచ్యోత్, ఇ ఫ్ సుబోతు యా, క్ సజలేనియు, నికాక్ నె స్మగూ. మోజ్న, యా జైదూ క్ వామ్ వ ఫ్తోర్నిక్ న చాయ్?"

పిలిచినందుకు చాలా కృతజ్ఞతలు, సంతోషంగా వచ్చేదాన్నే, కానీ సోమవారం పరీక్ష ఉంది, శనివారం దురదృష్టవశాత్తు ఏ విధంగానూ రాలేను, మంగళవారం టీకి రావచ్చా అని. ఆవిడతో అంత చనువు ఉంది కాబట్టి మంగళవారం మాట నేనే ఎత్తాను. చనువు లేనిచోట మీరే రోజు పెట్టడం బాగుండదు, 'వ్ ద్రుగోయ్ రాస్' దగ్గర ఆగండి. అదే మన వయసు స్నేహితులకైతే ఇంత పొడుగు అక్కర్లేదు: 'ఓయ్, నె స్మగూ, ప్రస్తీ, జచ్యోత్' అని మెసేజ్ పెడితే ఏమీ అనుకోరు.

ఆ రోజు ఒక్కటి మాత్రం చెప్పలేదు, పుట్టినరోజు శుభాకాంక్షలు. మొదటి ఏడాది 'రాలేకపోతానేమో, ఇప్పుడే చెప్పేస్తాను' అనుకుని ముందుగా చెబితే ఆవిడ గబగబా చెయ్యి ఊపి నన్ను ఆపేశారు. ముందుగా శుభాకాంక్షలు చెప్పడం రష్యాలో అపశకునం. రాలేనివాళ్లు ఆ రోజునే ఫోన్ చేయాలి. శనివారం పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను.

మంగళవారం పూలతో వెళ్లాను. మూడు పూలు, బేసి సంఖ్యలోనే ఇవ్వాలి, సరి సంఖ్య చావుకి. గుమ్మంలోనే 'ను కాక్ పసిద్యేలి?' అని అడిగాను. అందరూ కూర్చుని ఎలా గడిపారు అని. ఆవిడ పావుగంట ఆగకుండా చెప్పారు, ఎవరు వచ్చారు, ఎవరు పాడారు, ఎవరు అలిగారు. చెబుతూనే ఫ్రిజ్ తెరిచి, నాకోసం దాచిన క్యాబేజీ పిరోగ్ ముక్క తీసి వేడి చేయడానికి పెట్టారు.