అరమండిలో కాలు తిరగాల్సింది తుంటి దగ్గర: కొన్ని అపోహలు, వాస్తవాలు

కూచిపూడి అయినా భరతనాట్యం అయినా, మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చునే అరమండి అనగానే అందరి కళ్ళూ పాదాల మీదకే పోతాయి. అమ్మానాన్నలు చూసేది అదే, ఫోటోలో కనిపించేదీ అదే, కొన్ని పోటీల్లో జడ్జిలు చూసేదీ అదే. అసలు చూడాల్సింది మోకాటి చిప్ప ఎటు చూస్తోందో.

అపోహ: రెండు పాదాలూ ఒకే గీతలోకి వస్తేనే సరైన అరమండి.

తొడ ఎముక పైకొన గుండ్రంగా ఉండి, కటి ఎముకలోని గిన్నెలో కూర్చుంటుంది. అది అక్కడ బయటికి తిరిగితే తొడ, మోకాలు, పాదం మూడూ కలిసి అటే తిరుగుతాయి. దాన్ని తిప్పే ముఖ్యమైన కండరాలు ఆరు, పిరుదుల పెద్ద కండరం కింద లోతుగా ఉంటాయి. చాలామందికి ఒక్కో తుంటి 45 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ తిరుగుతుంది. కూర్చున్నప్పుడు తుంటి ముందున్న గట్టి లిగమెంటు వదులవుతుంది కాబట్టి అరమండిలో ఇంకొంచెం దొరకవచ్చు. కానీ పాదాలు ఒకే గీతలోకి రావాలంటే ఒక్కో వైపు 90 కావాలి. ఆ లోటును పూడ్చేది మోకాలూ చీలమండా.

అపోహ: బ్యాలేలా కాళ్ళు నిటారుగా పెట్టి తిప్పం కదా, మోకాళ్ళు వంచే ఉంటాం, కాబట్టి మనకు భయం లేదు.

నిజానికి ఇది తలకిందులు. మోకాలు పూర్తిగా చాచినప్పుడు బిగుసుకుపోతుంది, దాదాపు తిరగదు. వంచితే ఆ బిగువు వదిలి, మోకాలి కింది ఎముక తొడ ఎముక కింద పక్కకి తిరగగలదు. అరమండి మొత్తం మనం ఆ వదులు స్థితిలోనే ఉంటాం, అందుకే మోకాలిని మెలిపెట్టి పాదాన్ని తిప్పడం మనకు చాలా సులువు, పైగా ఆ క్షణంలో నొప్పి కూడా తెలియదు. ఆ మెలికతోనే గంటసేపు అడుగులు కొడితే ప్రతి దెబ్బా మోకాలి లోపలి వైపు లిగమెంటు మీదా, కీలు మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ మీదా పడుతుంది. కింద పాదం కూడా లోపలికి ఒరిగి, అరికాలి వంపు నేలకు అంటుకుపోతుంది.

మా క్లాసులో 14 ఏళ్ళ అమ్మాయి ఎడమ మోకాలి లోపలి వైపు నొప్పి అంది, మెట్లు దిగేటప్పుడు ఎక్కువట. బోర్లా పడుకోబెట్టి, మోకాలు 90 డిగ్రీలు మడిచి, పిక్కను రెండో కాలి వైపు వాలనిచ్చి చూశాం. పిక్క లోపలికి వాలుతుంటే తుంటి బయటికి తిరుగుతున్నట్టు, మొదటిసారి చూసినవాళ్ళకి తికమకగానే ఉంటుంది. కటి నేలమీంచి లేవబోయే చోట ఆపి కొలిస్తే కుడి 50, ఎడమ 40. అరమండిలో మాత్రం రెండు పాదాలూ 80 దగ్గర పెడుతోంది! డాక్టరుకి చూపించి, నొప్పి తగ్గాక, ఎడమ కాలి 40కి అరమండిలో దొరికే ఆ ఇంకొంచెం కలిపి, రెండు పాదాలనూ 50కి తెచ్చాం. కుడి కాలు ఇంకా తిరిగినా సరే, తక్కువ తిరిగే కాలు లెక్కే రెండిటికీ. ఇప్పుడు మోకాటి చిప్ప మధ్య నుంచి దారం వేలాడదీస్తే రెండో కాలివేలి మీద పడుతోంది. ముందు బొటనవేలికి ఇవతల, లోపలి వైపు పడేది.

అపోహ: కప్పలా బోర్లా పడుకోబెట్టి ఎవరైనా వెనక నుంచి నొక్కితే ఎవరికైనా తుంటి తెరుచుకుంటుంది.

కండరం బిగుసుకుని ఆగితే నెమ్మదిగా సాగుతుంది, ఎముక ఎముకకు తగిలి ఆగితే సాగదు. తొడ ఎముక మెడ ముందుకు తిరిగి ఉండే కోణం పెద్దవాళ్ళలో సుమారు 15 డిగ్రీలు, చిన్నపిల్లల్లో అంతకు రెట్టింపు, ఎదిగేకొద్దీ తగ్గుతుంది. కొందరికి అంతగా తగ్గదు. చిన్నప్పుడు కాళ్ళు వెనక్కి మడిచి డబ్ల్యూ ఆకారంలో హాయిగా కూర్చునేవాళ్ళలో వీళ్ళు తరచూ కనిపిస్తారు. వాళ్ళకి తుంటి లోపలికి బాగా తిరుగుతుంది, బయటికి తక్కువ, నొక్కితే మారేది కాదు. గజ్జల దగ్గర ముందు వైపు గుచ్చినట్టు ఉంటే వెంటనే ఆపేయాలి, అది ‘మంచి నొప్పి’ కాదు.

పెంచుకోగలిగింది వేరే ఉంది: చేత్తో తిప్పితే 45 వచ్చే పిల్ల తనంతట తాను 30 మాత్రమే తిప్పగలిగితే, ఆ తేడా కండరాల బలం లోటే. పక్కకి పడుకుని, మోకాళ్ళు మడిచి, మడమలు కలిపే ఉంచి పై మోకాలు ఎత్తాలి, నెమ్మదిగా దించాలి. కటి వెనక్కి దొర్లిందంటే అది లెక్కలోకి రాదు, తక్కువ ఎత్తండి.