గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు, సంతానం: అపోహలు - వాస్తవాలు

పెళ్లై నాలుగేళ్లయినా పిల్లలు లేరని కిందటేడు ఒక దంపతులు మా క్లినిక్‌కు వచ్చారు. ఆమె వయసు 31. నెలసరి ఏడెనిమిది రోజులు సాగుతోందని, రెండో రోజున ఏడు ప్యాడ్లు మార్చవలసి వస్తోందని, గడ్డలు గడ్డలుగా రక్తం పోతోందని చెప్పింది. హిమోగ్లోబిన్ 8.2 ఉంది. చేతిలో ఉన్న స్కానింగ్ రిపోర్టులో రెండు ఫైబ్రాయిడ్లు రాసి ఉన్నాయి. ఒకటి గర్భసంచి పైభాగాన, బయటి వైపున 6 సెంటీమీటర్లది, రెండోది లోపలి వైపున 2 సెంటీమీటర్లది. అంతకుముందు చూపించుకున్న చోట పెద్దగడ్డను పొట్ట కోసి తీసేయాలని, చిన్నదాన్ని పట్టించుకోనక్కరలేదని చెప్పారట. ఫైబ్రాయిడ్ల గురించి నేను తరచూ వినే అపోహలన్నీ ఈ ఒక్క కేసులోనే ఎదురయ్యాయి కనుక దీని వెంటే వివరిస్తాను.

అపోహ: గడ్డ ఎంత పెద్దదైతే పిల్లలు పుట్టడానికి అంత అడ్డు.

వాస్తవం: ఫైబ్రాయిడ్ అనేది గర్భసంచి కండరం నుంచే పెరిగే గడ్డ. సంతానం విషయంలో మొదట చూడవలసింది ఆ గడ్డ ఏ పొరలో ఉందన్నది, ఆ తర్వాతే సైజు. గర్భసంచి గోడను మూడు పొరల కింద ఊహించుకోండి. లోపల పిండం అతుక్కునే మెత్తని పొర, మధ్యలో మందపాటి కండరం, బయట పలుచని పొర. బయటి పొర వైపు ఉబ్బిన గడ్డను సబ్‌సీరస్ అంటాము. అది నిమ్మకాయంత ఉన్నా పిండం అతుక్కునే చోటుకు దూరంగా ఉంటుంది కాబట్టి గర్భం రావడానికి సాధారణంగా అడ్డుపడదు. లోపలి గదిలోకి పొడుచుకు వచ్చిన సబ్‌మ్యూకస్ గడ్డ ఉసిరికాయంత ఉన్నా ఆ గది ఆకారాన్ని చెడగొడుతుంది. అంతేకాక గడ్డ మీది పొరకు మాత్రమే పరిమితం కాకుండా, మొత్తం లోపలి పొరకే పిండాన్ని స్వీకరించే గుణం తగ్గుతుంది. అందువల్ల గర్భం రావడం కష్టమవుతుంది, వచ్చినా నిలవకపోయే అవకాశం పెరుగుతుంది.

రిపోర్టులో ఫిగో అని, దాని పక్కన 0 నుంచి 8 వరకు ఒక అంకె రాసి ఉంటే అది ఈ స్థానాన్నే చెబుతుంది. 0 అంటే గడ్డ పూర్తిగా లోపలి గదిలోనే ఒక కాడకు వేలాడుతోందని, 1 అంటే సగం కంటే తక్కువ భాగం కండరంలో ఉందని, 2 అంటే సగం గానీ అంతకంటే ఎక్కువ గానీ కండరంలో ఉందని అర్థం. 5, 6, 7 బయటి వైపు గడ్డలు. ఈ అంకె లేకుండా సైజు మాత్రమే రాసిన రిపోర్టు చూసి ఆపరేషన్ నిర్ణయించడం నాకు సమ్మతం కాదు. గర్భసంచిలోకి సెలైన్ పంపుతూ స్కాన్ చేస్తే గడ్డ లోపలికి ఎంత చొచ్చుకు వచ్చిందో స్పష్టంగా కనిపిస్తుంది. ఈమెకు నెలసరి ఆగిన రెండు రోజులకు అలా చేసి చూస్తే, నల్లగా కనిపించే సెలైన్ నీటిలోకి ఆ 2 సెంటీమీటర్ల గడ్డ గుండ్రంగా ఉబికి ఉంది. అది ఫిగో 1. అధిక రక్తస్రావానికీ ప్రధాన కారణం అదేనని చెప్పవచ్చు.

అపోహ: మందులు వాడి గడ్డను కరిగించుకుని గర్భం దాల్చవచ్చు.

వాస్తవం: గడ్డను తగ్గించే ఇంజెక్షన్లు, మాత్రలు ఉన్నాయి. అయితే అవి అండం విడుదలను కూడా ఆపుతాయి కనుక వాడుతున్నన్నాళ్లూ గర్భం రాదు, ఆపిన కొన్ని నెలలకు గడ్డ మళ్లీ పెరుగుతుంది. ఆపరేషన్‌కు ముందు రక్తహీనత సరిచేయడానికి అవి ఉపయోగపడతాయి. ఈమెకు ఐరన్ ఇంజెక్షన్లతోనే హిమోగ్లోబిన్ 10.6కు చేరింది.

అపోహ: గర్భం కోసం ప్రయత్నించే ముందు గడ్డలన్నీ తీసేయాలి.

వాస్తవం: కండరాన్ని కోసి తీసిన ప్రతి చోటా మచ్చ మిగులుతుంది. పొట్టలోపల పేగులు, ట్యూబులు అతుక్కుపోవచ్చు, అదే కొత్తగా సంతానలేమికి కారణం కావచ్చు. లోతుగా కోసిన గర్భసంచి తర్వాతి కాన్పులో చిట్లే ప్రమాదం తక్కువే అయినా, ఉంది. అందుకే అలాంటివారికి నొప్పులు మొదలుకాకముందే సిజేరియన్ చేస్తాము. లాభం స్పష్టంగా ఉన్నచోటే కోతకు దిగాలన్నది నా పద్ధతి. లోపలి గదిలోకి వచ్చిన గడ్డ విషయంలో ఆ లాభం స్పష్టం. కండరం మధ్యలోనే ఉండి లోపలి ఆకారాన్ని చెడగొట్టని గడ్డ తీస్తే గర్భం వచ్చే అవకాశం పెరుగుతుందా అన్నది మా రంగంలో ఇంకా తేలని విషయం. అక్కడ వయసు, గడ్డ సైజు, ఇంతకుముందు జరిగిన గర్భస్రావాలు చూసి ఒక్కొక్కరికీ విడిగా నిర్ణయించాలి.

భర్త వీర్యపరీక్ష, ఈమె ట్యూబులు సక్రమంగా ఉన్నాయని నిర్ధారించుకున్నాక, హిస్టెరోస్కోపీ ద్వారా చిన్నగడ్డను మాత్రమే తీశాము. పొట్ట మీద కోత లేదు. గర్భసంచి ముఖద్వారం గుండా కెమెరా పంపి, విద్యుత్ తీగతో గడ్డను పలుచని ముక్కలుగా చెక్కి తీస్తాము. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లింది. లోపలి పొర మానడానికి రెండు నెలలు ఆగమన్నాము. ఆపరేషన్ జరిగిన అయిదో నెలలో గర్భం నిలిచింది.

అపోహ: గర్భంతో పాటు గడ్డ కూడా పెరిగి బిడ్డను నొక్కేస్తుంది.

వాస్తవం: చాలా గడ్డలు గర్భకాలంలో పెద్దగా మారవు. పెరిగేవి కూడా ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే పెరుగుతాయి. ఫైబ్రాయిడ్ ఉన్న గర్భిణుల్లో అధికశాతం మంది ఇబ్బంది లేకుండానే కాన్పవుతారు. జాగ్రత్త పడవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. మాయ సరిగ్గా గడ్డ మీదే అతుక్కుంటే అది ముందే విడిపోయే ప్రమాదం ఉంటుంది. గర్భసంచి కింది భాగంలో పెద్దగడ్డ ఉంటే బిడ్డ ఎదురుకాళ్లతోనో అడ్డంగానో ఉండిపోవచ్చు. నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు. అందువల్ల బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్‌లో మాయకూ గడ్డకూ మధ్య దూరం ఎంతో రాయమని నేను ప్రత్యేకంగా అడుగుతాను.

18వ వారంలో ఈమె ఒక రాత్రి భరించలేని నొప్పితో వచ్చింది. కూడా వచ్చిన అత్తగారు "డాక్టరమ్మా, బిడ్డ దక్కుతుందా?" అని ఏడుస్తున్నారు. చేత్తో తాకి చూస్తే నొప్పి పొట్ట అంతటా లేదు, పెద్దగడ్డ ఉన్న చోటే వేలు పెట్టలేనంతగా ఉంది. కొద్దిపాటి జ్వరం ఉంది, రక్తస్రావం లేదు, స్కాన్‌లో బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. గడ్డకు రక్తం చాలక లోపల కణజాలం దెబ్బతిన్నప్పుడు ఇలా జరుగుతుంది, దాన్ని రెడ్ డీజనరేషన్ అంటాము. దీనికి ఆపరేషన్ అక్కరలేదు. విశ్రాంతి, సెలైన్, పారాసిటమాల్‌తో నాలుగు రోజుల్లో తగ్గింది. అయితే నొప్పితో పాటు రక్తస్రావం కనిపించినా, పొట్ట రాయిలా గట్టిపడినా అది గడ్డ నొప్పేనని ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి రావాలి.

అపోహ: ఫైబ్రాయిడ్ ఉంటే సిజేరియనే, ఆ ఆపరేషన్‌లోనే గడ్డనూ తీసేయించుకోవచ్చు.

వాస్తవం: గడ్డ బిడ్డ దారికి అడ్డుగా లేకపోతే మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు. హిస్టెరోస్కోపీలో కండరాన్ని లోతుగా కోయలేదు కాబట్టి ఈమెకు ఆ అభ్యంతరమూ లేదు. ఇక నిండు గర్భిణి గర్భసంచికి రక్తప్రసరణ ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఆ సమయంలో గడ్డను కోస్తే రక్తస్రావం అదుపు తప్పవచ్చు కనుక, సన్నని కాడకు వేలాడేది, లేదా కోత పెట్టవలసిన చోటే అడ్డుగా ఉన్నది తప్ప మిగతావాటిని సాధారణంగా ముట్టుకోము. గడ్డ ఉన్న గర్భసంచి కాన్పు తర్వాత గట్టిగా ముడుచుకోక అధిక రక్తస్రావం కావచ్చని ముందే రెండు యూనిట్ల రక్తం సిద్ధంగా ఉంచాము. అది వాడవలసిన అవసరం రాలేదు. 38 వారాలకు మామూలు కాన్పులో 2.8 కిలోల పాప పుట్టింది. మూడు నెలల తర్వాత స్కాన్‌లో ఆ 6 సెంటీమీటర్ల గడ్డ దానంతట అదే 4.5 సెంటీమీటర్లకు తగ్గి కనిపించింది.