అపోహలు - వాస్తవాలు: తేడా కాలమ్‌లో ప్లస్ కనిపిస్తే డబ్బు మిగిలినట్టేనా?

విజయవాడలో స్ప్రెడ్‌షీట్లు నేర్పడం నా పని. ఒకప్పుడు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లే వచ్చేవారు, ఈమధ్య ఇంటి ఖర్చుల పట్టిక వేసుకోవాలని వచ్చేవాళ్లు పెరిగారు. నెలాఖరు దగ్గర పడేసరికి వాళ్లలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "సార్, ఆరు వేలు మిగిలాయని షీట్ చూపించింది. తీరా చూస్తే ఫీజుకే డబ్బు చాల్లేదు. ఫార్ములా తప్పుందేమో చూస్తారా?" ఫార్ములా చూస్తాను. సరిగ్గానే ఉంటుంది.

అపోహ: తేడా ప్లస్‌లో ఉందంటే ఆ డబ్బు మన చేతిలో ఉన్నట్టే.

జేబుకి చిల్లు పెట్టేది ఈ అపోహే. అందుకే ఎక్కువసేపు దీని గురించే చెబుతాను.

సత్యనారాయణపురం నుంచి వచ్చే ఒకావిడ నాకు చూపించిన జూన్ 20 నాటి పట్టిక ఇంచుమించు ఇలా ఉంది. ఇంటికి వచ్చే జీతం 38,000. A కాలమ్‌లో ఖర్చు పేరు, B లో అనుకున్నది, C లో అయినది, D లో తేడా.

| ఖర్చు | అనుకున్నది | అయినది | తేడా |
|---|---|---|---|
| అద్దె | 11,000 | 11,000 | 0 |
| సరుకులు | 9,000 | 10,200 | -1,200 |
| కరెంటు | 1,800 | | 1,800 |
| స్కూలు ఫీజు | 6,000 | | 6,000 |
| చీటీ | 5,000 | 5,000 | 0 |
| పెట్రోలు | 3,000 | 3,650 | -650 |
| మొత్తం | 35,800 | 29,850 | 5,950 |

D లో ఉన్నది అందరూ వాడే ఫార్ములానే:

```
=B2-C2
```

కింద 5,950 ప్లస్ కనిపించింది. అకౌంట్‌లో కూడా 8,150 ఉంది, కాబట్టి అనుమానం రాలేదు. ఎప్పటినుంచో అనుకుంటున్న మిక్సీ 5,500 పెట్టి కొనేశారు. నెలాఖరులోపు కరెంటు, ఫీజు కలిపి 7,800 కట్టాలి. చేతిలో మిగిలింది 2,650.

కరెంటు, ఫీజు వరుసల్లో C గడి ఖాళీగా ఉంది చూడండి. ఇంకా కట్టలేదు కాబట్టి ఆవిడ ఏమీ రాయలేదు. కానీ తీసివేతలో స్ప్రెడ్‌షీట్ ఖాళీ గడిని సున్నాగా లెక్కిస్తుంది. అందుకే కట్టాల్సిన 7,800 మిగులులా కనిపించింది. నిజానికి ఆ నెల సరుకుల్లోనూ పెట్రోల్లోనూ కలిపి 1,850 ఎక్కువైంది. మిక్సీ కొనకపోయినా, అన్నీ కట్టాక మిగిలేది 350 రూపాయలే.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసేవారు. ఇంటి లెక్కల పుస్తకంలో ఇచ్చేసినవి ఒక పేజీలో, ఇవ్వాల్సినవి ఎదురు పేజీలో రాసేవారు. ఎదురు పేజీ చూడకుండా అమ్మ పండక్కి కూడా పైసా తీయనిచ్చేవారు కాదు. మన పట్టికలో లేనిది ఆ ఎదురు పేజీయే.

వాస్తవం: ఖర్చు ముగిసిన వరుసలోనే ప్లస్‌ని నమ్మాలి.

చాలామంది చెప్పే పరిష్కారం, C ఖాళీగా ఉంటే D కూడా ఖాళీగా ఉంచడం:

```
=IF(C2="","",B2-C2)
```

ఫీజు, కరెంటు లాంటి ఒక్కసారి కట్టే వాటికి ఇది చాలు. సరుకుల దగ్గర మళ్లీ మోసపోతాం. పదో తేదీకి 4,000 సరుకులు తెచ్చి C లో రాస్తే, గడి ఖాళీగా లేదు కాబట్టి 5,000 ప్లస్ చూపిస్తుంది. మిగతా ఇరవై రోజులు ఇంట్లో తినాలిగా!

అందుకే నేను E లో 'ముగిసిందా' అని ఇంకో కాలమ్ పెట్టిస్తాను. ఇక ఈ నెలకి ఆ ఖర్చు లేదనుకున్నప్పుడు అక్కడ Y అని కొట్టాలి. D లో ఫార్ములా ఇలా మారుతుంది:

```
=IF(E2="Y",B2-C2,MIN(0,B2-C2))
```

ముగిసిన ఖర్చుకి తేడా ఎంతైతే అంత చూపిస్తుంది. ముగియని ఖర్చు హద్దు దాటితే ఆ మైనస్ అప్పటికప్పుడే కనిపిస్తుంది, ప్లస్ మాత్రం Y పడేదాకా సున్నాగానే ఉంటుంది. అద్దెకీ చీటీకీ మాత్రమే Y పెట్టి ఆవిడ పట్టికలో ఇది వేస్తే కింద మొత్తం -1,850 వచ్చింది. ఆ అంకె 20వ తేదీనే కనిపించి ఉంటే మిక్సీ జూలైకి వాయిదా పడేది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. D కింద మొత్తానికి `=SUM(D2:D7)` అనే ఉండాలి. కొందరు మొత్తాల వరుసలో కూడా `=B8-C8` లాగేస్తారు. అప్పుడు పైన ఎంత మార్చినా కింద మళ్లీ ఆ 5,950 వచ్చి కూర్చుంటుంది.

ఇంకా ఎంత కట్టాలో ఒక్క గడిలో కావాలంటే, C ఖాళీగా ఉన్న వరుసల్లో అనుకున్న మొత్తాలు కలపాలి:

```
=SUMPRODUCT((C2:C7="")*B2:B7)
```

ఆవిడ పట్టికలో ఇది 7,800 అని వస్తుంది. సగం కట్టిన ఖర్చుల్ని ఇది పట్టుకోదు, వాటిని కళ్లతో చూసుకోవాల్సిందే. అసలు ఖర్చే పెట్టలేదంటే C లో 0 కొట్టండి. వదిలేస్తే ఇంకా కట్టలేదనే లెక్క.

అపోహ: జీతం వరుసకీ అదే ఫార్ములా లాగేయొచ్చు.

లాగకండి. 38,000 అనుకుని 36,500 వస్తే B-C ప్రకారం 1,500 ప్లస్ వస్తుంది. జీతం తగ్గితే షీట్ సంతోషిస్తుందన్నమాట! ఆదాయాన్ని పైన విడిగా పెట్టి, అక్కడ `=C-B` పద్ధతిలో తిప్పి రాయండి.

అపోహ: 10200/- అని రాస్తేనే డబ్బని తెలుస్తుంది.

చెక్కుల మీద రాసే అలవాటు ఇది. షీట్‌లో ఆ గీత పడగానే అంకె కాస్తా అక్షరాలుగా మారిపోతుంది. ఆ వరుస తేడాలో `#VALUE!` వస్తుంది, అది నయం, కనిపిస్తుంది. C కింద ఉన్న SUM మాత్రం ఏ గొడవా చేయకుండా ఆ గడిని వదిలేసి మిగతావి కలిపేస్తుంది. మీరు జరపకపోయినా గడిలో అంకె ఎడమవైపుకి అతుక్కుని ఉందంటే అనుమానించండి. అంకె మాత్రమే కొట్టండి, రూపాయి గుర్తు గడి ఫార్మాట్‌లో పెట్టుకోండి.

అపోహ: దీనికి డబ్బులు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనాలి.

ఎవరు పుట్టిస్తారో ఇలాంటివి. గూగుల్ షీట్స్‌లో, లిబ్రే ఆఫీస్‌లో ఈ ఫార్ములాలన్నీ ఉచితంగానే పనిచేస్తాయి.

అపోహ: ఏడాదికోసారి వచ్చే ఖర్చు ఆ నెల పట్టికలో రాస్తే చాలు.

ఆవకాయ సంగతే తీసుకోండి. కాయలు, కారం, ఆవపిండి, నూనె, జాడీలు అన్నీ కలిపి మేలో 6,000 అవుతుందనుకుందాం. ఆ నెల మైనస్ చూసి టెన్షన్ పడి ఫోన్ చేసేవాళ్లున్నారు. ప్రతి నెలా B లో 500 వేసుకుంటే భారం సర్దుకుంటుంది. కానీ జూన్ నుంచి ఏప్రిల్ దాకా పదకొండు నెలలు ఆ వరుసలో C ఖాళీయే కదా. అక్కడ Y కొట్టారో, నెలనెలా 500 మిగిలినట్టు చూపిస్తుంది. కాబట్టి ఆ 500 ని నెల మొదట్లోనే వేరే అకౌంట్‌లోకి మార్చి, మార్చిన రోజే C లో 500 అని రాసేయండి. మేలో ఆ అకౌంట్‌లోంచే తీయండి, అప్పుడు మే పట్టికలో ఆ 6,000 మళ్లీ రాయక్కర్లేదు. ఇంటి పన్నుకీ, బండి ఇన్సూరెన్సుకీ ఇదే పద్ధతి.