రిజెక్ట్ అయ్యాక ఫీడ్‌బ్యాక్ అడగడం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఐటీ హైరింగ్ చేస్తాను, రిజెక్ట్ మెయిల్స్ పంపేది కూడా నేనే. వాటికి వచ్చే రిప్లైలు చూస్తుంటే చాలామంది మంచి క్యాండిడేట్లు అడిగే తీరులోనే ఫీడ్‌బ్యాక్ పోగొట్టుకుంటున్నారనిపిస్తుంది, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: రిక్రూటర్‌కి అసలు కారణం తెలుసు, కావాలనే దాస్తారు.

వాస్తవం: మీరు అడిగేది ఎవరిని అన్నదాన్ని బట్టి ఉంటుంది. కన్సల్టెన్సీ రిక్రూటర్ అయితే క్లయింట్ దగ్గర్నుంచి చాలాసార్లు వచ్చేది "ఎల్2 రిజెక్ట్", అంటే రెండో రౌండ్‌లో ఆగిపోయారన్న ఒక్క ముక్కే, అంతకుమించి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. కంపెనీ సొంత రిక్రూటర్‌కి మాత్రం ప్యానెల్ ఇచ్చిన రేటింగ్‌లూ, రెండు మూడు లైన్ల కామెంట్లూ సిస్టమ్‌లో కనిపిస్తాయి, కానీ అవి లోపలివాళ్ళ కోసం రాసుకున్నవి కాబట్టి ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేయలేం, సారాంశం మాత్రం చెప్పగలం. ఒక్కోసారి కారణం మీరే కాదు. పొజిషన్ హోల్డ్‌లో పడుతుంది, లేదా మీకు 90 రోజుల నోటీస్ ఉంటే ఇంకొకరు వెంటనే జాయిన్ అవుతానంటారు.

అపోహ: "నన్ను ఎందుకు రిజెక్ట్ చేశారు?" అని సూటిగా అడిగితేనే సూటిగా చెప్తారు.

వాస్తవం: ఆ ప్రశ్న చదవగానే డెసిషన్‌ని సమర్థించుకోమని అడుగుతున్నట్టు ఉంటుంది, అప్పుడు ఎవరైనా రెడీగా ఉన్న "ఇంకా తగిన ప్రొఫైల్ దొరికింది" అనే లైన్ పెట్టేస్తారు. ఒక ఉదాహరణ చూడండి. ఐదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఉన్న జావా డెవలపర్, ఎల్1 క్లియర్ చేసి ఎల్2లో ఆగిపోయాడు అనుకుందాం. మామూలుగా వచ్చే మెసేజ్ ఇలా ఉంటుంది: "మేడమ్, అన్ని క్వశ్చన్స్‌కీ కరెక్ట్‌గానే ఆన్సర్ చేశాను, ఇంటర్వ్యూయర్ కూడా గుడ్ అన్నారు, మరి రిజెక్ట్ ఎందుకైందో కాస్త చెప్తారా?" ఇందులో బూతు లేదు, కోపం కూడా లేదు, కానీ మొదటి సగమంతా వాదనే. ఇదే మనిషి ఇలా రాస్తే: "అప్‌డేట్ ఇచ్చినందుకు థాంక్స్ మేడమ్. డెసిషన్ గురించి కాదు, నా ప్రిపరేషన్ కోసం ఒక్కటే అడుగుతున్నా. ఎల్2లో కోడింగ్, డిజైన్ రెండూ అడిగారు, వాటిలో నేను ఎక్కువ పని చేయాల్సింది ఏది? మెయిల్‌లో కుదరకపోతే రెండు నిమిషాలు కాల్ అయినా పర్లేదు." దీనికి నేను సిస్టమ్ తెరిచి ఒక్క లైన్‌లో జవాబివ్వగలను: "కోడింగ్ బానే ఉంది, డిజైన్‌లో రిక్వైర్‌మెంట్లు అడక్కుండానే డైరెక్ట్‌గా టేబుల్స్ గీయడం మొదలుపెట్టారని రాశారు." కాల్ మాట ఎందుకంటే, రాతలో ఉన్నది రేపు ఎక్కడికి వెళ్తుందో అని చాలా కంపెనీల్లో జంకుతారు, అదే విషయం ఫోన్‌లో ఇంకాస్త ఓపెన్‌గా చెప్తారు. రిజెక్ట్ మెయిల్ వచ్చిన ఒకట్రెండు రోజుల్లో అడిగేయండి, ఆ తర్వాత మేం వేరే పొజిషన్ల మీదకి వెళ్ళిపోతాం, మీ ఇంటర్వ్యూ గుర్తుండదు.

అపోహ: ఫీడ్‌బ్యాక్ తప్పనిపిస్తే మన వైపు నుంచి క్లారిటీ ఇవ్వాలి.

వాస్తవం: ఎక్కువ మంది జారేది ఇక్కడే. అడిగినప్పుడు బానే అడుగుతారు, జవాబొచ్చాక "యాక్చువల్‌గా నేను రిక్వైర్‌మెంట్లు అడిగాను మేడమ్, ఆయన సరిగ్గా వినలేదు" అని మొదలుపెడతారు. ఇంటర్వ్యూలో నేను లేను, ఎవరు కరెక్టో తేల్చడం నా చేతిలో లేదు, ఇకమీదట ఇంకొకరికి ఫీడ్‌బ్యాక్ చెప్పాలన్నా వెనకాడతాను. "థాంక్స్, డిజైన్ మీద పని చేస్తాను" అని అక్కడితో ఆపేయండి, ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు అంతే. ఒక్క మినహాయింపు ఉంది. వివరమే తప్పుగా నమోదైతే, అంటే డబ్బు కట్టి నోటీస్ తగ్గించుకునే బైఅవుట్ మీకు ఉన్నా 90 రోజులనే రాసుకుంటే, అది ఒక్క లైన్‌లో చెప్పండి, డెసిషన్ మార్చమని మాత్రం అడగొద్దు.

అపోహ: రిప్లై రాలేదంటే వదలకుండా అడగాలి.

వాస్తవం: వారం ఆగి అదే మెయిల్ థ్రెడ్‌లో ఒక్కసారి గుర్తుచేయండి, చాలు. అదే రోజు మెయిల్, వాట్సాప్, లింక్డ్‌ఇన్ మూడింట్లోనూ పెట్టడం, ఇంటర్వ్యూ చేసినాయన్ని వెతికి పట్టుకుని మెసేజ్ చేయడం వద్దు, ఆయన దాన్ని తిరిగి మాకే ఫార్వర్డ్ చేస్తారు. ఆ గుర్తుచేసే మెసేజ్‌లో ఫీడ్‌బ్యాక్ బదులు "మళ్ళీ ఎన్ని నెలల తర్వాత అప్లై చేయొచ్చు?" అని అడిగితే ఇంకా మంచిది. చాలా కంపెనీల్లో దానికి కూలింగ్ పీరియడ్ ఉంటుంది, అది పాలసీ కాబట్టి చెప్పడానికి మాకు ఏ ఇబ్బందీ ఉండదు.