అక్షరం గొంతు కంటే ముందు రావాలి: లిరిక్ వీడియోల మీద అపోహలు, వాస్తవాలు

ఈ ఏడాది నా దగ్గరకు వచ్చిన రిపేరు పనుల్లో ఎక్కువ వాటిది ఒకటే జబ్బు. చేసినవాళ్లు వేరు, పాటలు వేరు. అయినా ప్రాజెక్ట్ ఫైలు తెరవగానే అదే తప్పు: పాడే గొంతు కంటే తెర మీద అక్షరం ఆలస్యంగా రావడం. అందుకే ముందు దాని సంగతి చెప్పి, మిగతావి తర్వాత చూస్తాను.

మొన్న గాజువాక నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కూతురు పాడిన పాటకి ఎవరితోనో లిరిక్ వీడియో చేయించారు. చుట్టాలకి పంపితే అందరూ ఒకటే మాట అన్నారట. "బాబూ, మా అమ్మాయికి తాళం తప్పిందంటున్నారు. పదేళ్లు సంగీతం నేర్చుకుందండీ. మళ్లీ పాడించమంటారా?" అని అడిగారు. ఆయన మొహంలో ఉన్న టెన్షన్ చూస్తే నాకే బాధేసింది. నేను స్క్రీన్ ఆపేసి పాట ఒక్కటే వినిపించాను. ఎక్కడా తప్పలేదు. స్క్రీన్ ఆన్ చేసి మళ్లీ పెట్టాను. తప్పినట్టే ఉంది!

అపోహ: లైను బీట్ మీద పడితే సింక్ అయినట్టే.

వాస్తవం: బీట్ వేరు, గొంతు వేరు. మన పాటల్లో సరిగ్గా తాళం దెబ్బ మీదే ఎత్తుకునే లైన్లు తక్కువ. కొన్ని అర దెబ్బ ఆగి ఎత్తుకుంటాయి, సంగీతం వచ్చినవాళ్లు అనాగతం అంటారు. కొన్ని దెబ్బ పడకముందే మొదలైపోతాయి. అక్షరం చూడాల్సింది గొంతుని. అదీ గొంతుతో పాటు వస్తే చాలదు, కాస్త ముందే వచ్చి, కదలడం మానేసి, కుదురుగా నిలబడి ఉండాలి. కదులుతున్న తెలుగు అక్షరాన్ని కన్ను చదవలేదు. ముందు చెవికి పదం వినపడి, తర్వాత కంటికి కనపడితే, చూసేవాడు వీడియోని తప్పు పట్టడు. పాడినవాళ్లనే తప్పు పడతాడు.

ఆ పాటే తీసుకుందాం. టెంపో 90, నిమిషానికి 90 బీట్లు. అంటే ఒక బీట్ సెకనులో మూడింట రెండు వంతులు. నేను ఈ పాటకి సెకనుకి 24 ఫ్రేముల టైమ్‌లైన్ పెట్టాను, ఎందుకంటే బీట్‌కి సరిగ్గా 16 ఫ్రేములు వస్తాయి. 25లో పెడితే 16.67 వస్తుంది, లెక్క ఎప్పుడూ చిల్లరగానే మిగులుతుంది. బార్‌కి నాలుగు బీట్లు. పల్లవి పదమూడో బార్‌లో, అంటే సరిగ్గా 32 సెకన్ల దగ్గర మొదలవుతుంది. లైను ఇలా ఉంది అనుకోండి: "తీరం దాటిన మాట తిరిగి వస్తుందా ఈ పూట".

అమ్మాయి అర బీట్ ఆగి ఎత్తుకుంది. అంటే గొంతు 32 సెకన్ల 8వ ఫ్రేము దగ్గర మొదలైంది. లైను కుదురుకున్నాక పావు సెకను, అంటే 6 ఫ్రేములు, ఖాళీ ఇస్తాను. కాబట్టి 32:02కల్లా, అంటే 32 సెకన్ల 2వ ఫ్రేముకల్లా, అక్షరాలు నిలబడిపోవాలి. లోపలికి వచ్చే యానిమేషన్‌కి 8 ఫ్రేములు. అంటే మొదలుపెట్టాల్సింది 31:18 దగ్గర, బీట్ పడకముందే. "పూట" అన్న చివరి పదాన్ని ఆమె 36:16 దాకా లాగింది. అందాకా లైను కదలకూడదు. 36:20కి వెళ్లడం మొదలై 37:02కి పూర్తిగా పోతుంది. సరిగ్గా అదే ఫ్రేములో రెండో లైను రావడం మొదలవుతుంది, ఎందుకంటే దాని గొంతు 37:16కి ఉంది. నా ప్లాన్ అంటే ఇదే. నోటుబుక్కులో నాలుగు గడులు: గొంతు మొదలు, గొంతు ఆఖరు, అక్షరం రాక, అక్షరం పోక. సాఫ్ట్‌వేర్ తెరిచేది ఇవి నింపాకే.

ఇక ఆ పాత వీడియోలో ఏం జరిగిందంటే, ప్రతి లైనూ బార్ మొదటి బీట్ మీద మొదలై, ఎగిరి గెంతి, 16 ఫ్రేములకి కుదురుకుంటోంది. పల్లవిలో ఎలాగోలా గట్టెక్కింది. చరణంలో అమ్మాయి దెబ్బకి 8 ఫ్రేముల ముందే ఎత్తుకుంది. 8, 16 కలిపితే 24 ఫ్రేములు. గొంతు వచ్చిన నిండు సెకను తర్వాత గానీ లైను చదవడానికి రాలేదు. అప్పటికి మొదటి పదం అయిపోయింది. తాళం తప్పింది ఇక్కడన్నమాట.

"చెవితో వింటూ మార్కర్లు కొట్టాను కదా" అంటారు కొందరు. విన్నాక వేలు కదలడానికి కొంత సమయం పడుతుంది. పైగా బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే శబ్దమే ఆలస్యంగా చెవికి చేరుతుంది. రెండూ కలిసి ప్రతి మార్కరూ ఆలస్యంగా పడుతుంది. నేనూ మొదట్లో ఇలాగే ఒక పాట మొత్తం చేసి, మామూలు వైరు స్పీకర్లో పెట్టి తలపట్టుకున్నాను. చెవితో కొట్టండి, కానీ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఆడియో లేయర్ మీద రెండుసార్లు `L` నొక్కి వేవ్‌ఫామ్ తెరిచి, గొంతు లేచిన చోటికి మార్కర్‌ని జరపండి. డ్రమ్స్ మోత గొంతుని కప్పేస్తుంటే, స్టూడియోవాళ్లని గొంతు ట్రాక్ ఒక్కటే విడిగా అడగండి. ఇస్తారు.

ఒక్కో అక్షరం టైపు అవుతున్నట్టు వస్తే బాగుంటుందనేది ఇంకో మోజు. ఇంగ్లీషుకి బాగానే ఉంటుంది. "లక్ష్మి" అన్న పదాన్ని అలా టైపు చేయిస్తే ల, లక, లక్, లక్ష అంటూ రూపం మారుతూ, మధ్యలో లేని పదాలన్నీ తెర మీదకి వస్తాయి. టెక్స్ట్ యానిమేటర్ రేంజ్ సెలెక్టర్‌లో `Based On` దగ్గర `Words` పెట్టండి, గొడవ ఉండదు. ఇక కింద నుంచి లైను పైకి లేచే స్టైల్ వాడితే మాస్క్ అడుగు చూసుకోండి. రెడీమేడ్ టెంప్లేట్ల మాస్కు ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకి గీసి ఉంటుంది. "వస్తుందా"లో త వత్తు సగానికి తెగి, "వసుందా" అయి కూర్చుంటుంది. ఈ తప్పు చేసినవాడికి కనపడదు, ఎందుకంటే పాట వాడికి కంఠతా వచ్చేసి ఉంటుంది. పాట వినని మనిషికి సౌండ్ తీసేసి చూపించి చదవమనండి.

రంగుల సంగతి. విషాదం అంటే నీలం, ప్రేమ అంటే ఎరుపు అని ఎవరు చెప్పారో గానీ, అందరూ అదే అడుగుతారు. మూడ్‌ని నేపథ్యంలో పెట్టుకోండి, అక్షరాన్ని వదిలేయండి. నల్లటి తెర మీద ముదురు ఎరుపు అక్షరాలు మీ మానిటర్‌లో అదిరిపోతాయి. కానీ మామూలుగా అప్‌లోడ్ అయ్యే వీడియోలో వెలుగు వివరం పూర్తిగా ఉంటుంది, రంగు వివరం మాత్రం అడ్డంగా సగం, నిలువుగా సగమే ఉంటుంది. వెలుగు తేడా లేకుండా రంగు తేడా మీదే బతికే సన్న గీతలు, తలకట్లు, వత్తులు, అలికినట్టు అవుతాయి.

పెద్దాయనకి కూడా ఎరుపే కావాలి. సాయంత్రం సముద్రం మీది ఎరుపుని వెనక పలచగా పెట్టి, అక్షరాలకి మీగడ రంగు వేశాను. చరణాలకి వెనక నీలం, పల్లవి తిరిగొచ్చినప్పుడల్లా మళ్లీ ఆ ఎరుపే. మధ్యాహ్నం ఇద్దరం బీచ్ రోడ్డు మీద నిలబడి, ఎండలో ఆయన ఫోన్లోనే చూశాం. "ఇప్పుడు బాగానే పాడింది" అన్నారు. పాట ముక్క కూడా మార్చలేదని ఆయనకీ తెలుసు. రెండో చరణంలో ఒక లైను మాత్రం ఆ ఎండకి సరిగ్గా కనపడలేదు. ఇంటికొచ్చి అక్కడ వెనకున్న నీలాన్ని ఇంకాస్త ముదురు చేసి, రాత్రికి పంపించాను.